పేరాలు జరపడానికి చీటీలా, కత్తెరా, కట్-పేస్టా?

హనుమకొండలో నా దగ్గరికి వ్యాసాలు దిద్దించుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లలు పదే పదే అడుగుతుంటారు: "సార్, పేరాలు కంప్యూటర్‌లోనే అటూ ఇటూ జరిపితే సరిపోదా? చీటీలు ఎందుకు?"

కట్-పేస్ట్ తొందరగా అవుతుంది, నిజమే. కానీ పేరాను కొత్త చోట పెట్టగానే కన్ను వాక్యం మీద పడుతుంది, చెయ్యి ఊరుకోదు. గంటసేపు నునుపు చేసిన పేరా చివరికి తీసేయాల్సిందని తేలినా మనసు ఒప్పదు. ప్రింట్ తీసి, కత్తిరించి నేల మీద పరిస్తే వ్యాసమంతా ఒక్కచోట కనిపిస్తుంది. పెద్ద ప్రాజెక్టు రిపోర్టుకైతే అదే నయం. అక్కడా వాక్యాలు మాత్రం కళ్ల ముందే ఉంటాయి. మొత్తం మళ్లీ రాయడం వాదనే మారిపోయినప్పటి మాట.

నా ఓటు చీటీకే. వాక్యాలను కంటికి కనపడకుండా చేసేది అదొక్కటే. పేరాకో చీటీ, దాని మీద ఆ పేరా ఏమంటుందో ఒక్క పూర్తి వాక్యం. "పూడిక గురించి" అని రాస్తే లెక్కలోకి రాదు. "పూడిక తీస్తే చెరువులో ఎక్కువ నీళ్లు నిలుస్తాయి" అని రాయాలి.

మొన్న ఒకమ్మాయి వరంగల్ కాలనీల ముంపు మీద వ్యాసం తెచ్చింది. ఆమె పేరాల వరుస ఇది: 2020 ఆగస్టులో కాలనీలు మునిగాయి, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, కాకతీయుల గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు చేరేవి, నాలాలు వెడల్పు చేయాలి, నాలాలు ఆక్రమణలో ఉన్నాయి, పూడిక మట్టి చేనుకు బలం.

చీటీల మధ్య "కానీ", "అందుకే", "ఎందుకంటే" పెట్టి చదవమన్నాను. "అలాగే" తప్ప ఇంకేదీ అతకకపోతే అక్కడ వాదన లేదు, జాబితా ఉందన్నమాట. పరిష్కారం కారణం కంటే ముందే వచ్చిందని ఆమెకే దొరికింది. పూడిక పేరాకు ఒక చీటీ చాలలేదు. దాని చివర "చెరువు లోతు పెరిగినా నీళ్లు పోయే దారి తెరుచుకోదు" అనే రెండో మాట దాగి ఉంది. దాన్ని వేరే చీటీ చేశాం. కొత్త వరుస: ముంపు, గొలుసుకట్టు, *కానీ* ఆక్రమణ, పూడికతీత, *కానీ* దారి తెరుచుకోదు, *అందుకే* నాలాలు. చేను మట్టి చీటీ ఎక్కడా అతకలేదు, పక్కన పెట్టేసింది.

చీటీలకు ఒక హద్దుంది. వాదనలో ఒక మెట్టే లేకపోతే ఎంత జరిపినా రాదు. అక్కడ ఖాళీ చీటీ పెట్టి, ఆ పేరా కొత్తగా రాయాలి.

ఆ తర్వాతే ఫైలు తెరవమన్నాను. గొలుసుకట్టు పేరా "పైన చెప్పిన పూడికతీత" అంటూ మొదలైంది, ఆ పూడికతీత ఇప్పుడు కిందికి పోయింది. అలాంటి అతుకులు మొత్తం మూడే తేలాయి.