ఏడేళ్లు వాడాక బీసీజీ మ్యాట్రిక్స్ మీద నా మాట

ఇందుకూరుపేట వైపు మాకు రొయ్యల మేత, మందులు, ఏరియేటర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. సరుకులో దేనికి డబ్బు పెట్టాలో, దేన్ని ఆపాలో తేల్చుకోడానికి ఏడేళ్లుగా ప్రతి మార్చిలో ఈ నాలుగు గళ్ల పటం గీస్తున్నా.

1970లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌కి చెందిన బ్రూస్ హెండర్సన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నిలువు గీత మీద మార్కెట్ ఎంత పెరుగుతోందో, అడ్డగీత మీద మన వాటా అందరికంటే పెద్ద పోటీదారు వాటాకు ఎన్ని రెట్లో రాయాలి. వాటా, పెరుగుదల రెండూ ఎక్కువైతే స్టార్, వాటా ఉండి పెరుగుదల లేకపోతే పాడి ఆవు, పెరుగుదల ఉండి వాటా లేకపోతే ప్రశ్న గుర్తు, రెండూ లేకపోతే కుక్క. పెరుగుదలకి 10 శాతం, వాటాకి 1 దగ్గర గీత గీయడం మామూలు.

నాకు మొదటి దెబ్బ మార్కెట్ అంటే ఏది అన్న దగ్గరే తగిలింది. మా మండలం వరకే చూస్తే మేతలో నా వాటా 30, పక్క షాపుది 20, అంటే 1.5, పెరుగుదల 4 శాతమే కాబట్టి పాడి ఆవు. జిల్లా మొత్తం తీసుకుంటే నాది 4, పెద్ద డీలర్‌ది 16, అంటే 0.25, కుక్క! షాపులో ఒక్క బస్తా కూడా మారలేదు, హద్దు మార్చానంతే. అందుకే ఎవరు ఈ పటం చూపించినా ముందు హద్దు ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో అడగాలి.

ఇంకోటి, పాడి ఆవు పాలిస్తుందన్న నమ్మకం. ఎక్కువ అమ్మేవాడికి ఖర్చు తగ్గుతుంది కాబట్టి చేతికి నగదు వస్తుందని దాని లెక్క, కానీ మా దగ్గర మేత అరువు మీద పోతుంది, పట్టుబడి అయ్యేదాకా మూడు నాలుగు నెలలు డబ్బు గుంటల్లోనే ఉంటుంది, రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వస్తే ఆ అరువు వచ్చే పంటకి పోతుంది. కాగితం మీద ఆవు, నా బ్యాంకు ఖాతాలో మాత్రం ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు.

నేను చేసిన పెద్ద తప్పు స్పేర్ పార్టులు ఆపేయడం. పెరుగుదల 3 శాతం, నా వాటా 10, ఎదుటివాడిది 25, అంటే 0.4. కుక్క గడిలో పడింది, తీసేశా. తర్వాతి పంటకే ముగ్గురు పాత రైతులు మేత కూడా వేరే చోట మొదలుపెట్టారు. ఒకాయన మొహం మీదే అన్నాడు, "అన్నా, రాత్రి రెండింటికి ఏరియేటర్ గేర్‌బాక్స్ పోతే గుంటలో ఆక్సిజన్ పడిపోతది, ఆ టైంలో తలుపు తీసే షాపే నాకు కావాలి." ఆ గళ్లు ఒక్కో సరుకునీ విడిగా చూస్తాయి, ఒకటి ఇంకోదాన్ని ఎలా నిలబెడుతోందో వాటిలో కనబడదు. పైగా కుక్క అని పేరు పెట్టాక సరుకు తగ్గిస్తాం, దాంతో వాటా ఇంకా పడుతుంది, మనం అన్నదే నిజమైనట్టు ఉంటుంది.

ఇప్పటికీ గీస్తున్నా, డబ్బు ఎక్కడ ఇరుక్కుందో మాట్లాడుకోడానికి పనికొస్తుంది. కాకపోతే ప్రతి సరుకు పక్కన రెండు గడులు పెంచా: నగదు ఎన్ని రోజులకు తిరిగొస్తుంది, ఇది లేకపోతే ఇంకేది అమ్ముడుపోదు. స్పేర్ పార్టులు రెండేళ్ల కిందట మళ్లీ తెచ్చాం, ఆ ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు.