అత్తను ముందు దిద్దాలా, అట్టను ముందు నేర్పాలా?

మా అక్క కోడలిది ఒహాయో. పెళ్లయిన కొత్తలో మా అక్కను ప్రేమగా ‘అట్టయ్యా’ అని పిలిచేది. అక్క నవ్వి ఊరుకునేది. అక్క కొడుకు మాత్రం పట్టుబట్టి నెల రోజులు పాఠం చెప్పాడు. ఏం చెప్పాడంటే, “నాలుక మడువు, ఇంకా వెనక్కి మడువు, ఇప్పుడు ట అను.” నెల తర్వాత ఆ అమ్మాయి ట మహా గట్టిగా పలికేది. అక్క మాత్రం అట్టయ్యగానే మిగిలింది.

తెలుగు నేర్పే చాలామంది ఇదే దారి పడతారు. ‘ట మన ప్రత్యేకత, వాళ్లకు లేనిది అదే’ అనుకుంటారు. అది సగమే నిజం. ఇంగ్లీషు వాళ్ల నాలుక కొన పై పళ్ల వెనకున్న చిగురు గట్టుకు తగులుతుంది. మన త పళ్లకు తగిలేది, మన ట అంగిలికి తగిలేది. వాళ్లది ఈ రెండిటి మధ్య. మరి ఆ మధ్య శబ్దాన్ని మన చెవి ఎటు వేస్తుంది? దాదాపు ఎప్పుడూ ట వైపే. టికెట్, టేబుల్, డాక్టర్ అని రాసుకున్నాం గానీ తికెత్, దాక్తర్ అని రాసుకోలేదు కదా.

పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన మాటలు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వాళ్ల త పళ్లకు తగిలేదే. అందుకే వాళ్ల నుంచి బొత్తాము వచ్చింది, ఇంగ్లీషు నుంచి బటన్ వచ్చింది. అటు నుంచి తువాలు, ఇటు నుంచి టవల్. వస్తువు ఒకటే అయినా విన్న నోరు వేరు కాబట్టి అక్షరం మారింది.

దీన్నిబట్టి ఒక లెక్క తేలుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఏమీ నేర్చుకోకుండా పలికే ‘ట’ కూడా మనకు ట గానే వినిపిస్తుంది, కాస్త యాసగా ఉంటుందంతే. లేనిది త, ద. కాబట్టి పలకడం వరకు వాళ్లకు ముందు దిద్దాల్సింది దంత్యాన్ని. స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచి వాళ్లకు సరిగ్గా తలకిందులు. త చక్కగా వస్తుంది, ట కోసమే కష్టపడాలి. శిష్యులు ఏ భాష వాళ్లో అడగకుండా అందరికీ ఒకే పాఠం చెప్పేవాళ్లను చూస్తే నాకు విసుగు.

త నేర్పడం సులువు కూడా, ఎందుకంటే అద్దంలో కనిపిస్తుంది. నాలుక కొన పై పళ్లకు ఆని ఉండాలి, పళ్ల కింద కొంచెం కనిపించినా తప్పు లేదు. మా అక్క కోడలికి నేను చెప్పిన కిటుకు ఇది. ఇంగ్లీషులో ‘ఎట్ ద’ అని మామూలుగా అంటూ, మొదటి మాట చివర గాలి ఆగిన చోటే ఆగిపొమ్మన్నాను. పక్కనున్న ‘ద’ కోసం నాలుక అప్పటికే పళ్ల మీదికి వచ్చేసి ఉంటుంది. అక్కణ్ణించి వదిలితే త వస్తుంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, గాలి పూర్తిగా ఆపకుండా ‘థింక్’లో లాగా జారవిడవడం. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే, ఆగి వదలాల్సిన గాలి సన్నగా కారుతున్నట్టు తెలుస్తుంది. రెండోది, గాలి మరీ బలంగా వదలడం, అప్పుడు త కాస్తా థ అవుతుంది. ‘స్టాప్’ అన్నప్పుడు స తర్వాత వచ్చే ట ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా అనమంటే సరిపోతుంది.

ట కోసం అయితే అద్దం పనికిరాదు, లోపలేమవుతుందో కనపడదు. లేడ్‌ఫోగెడ్, భాస్కరరావు అనే భాషాశాస్త్రవేత్తలు 1983లో ప్రచురించిన ఎక్స్‌రే పరిశీలనలో హిందీ వాళ్లు నాలుక కొనను గట్టు వెనకే ఆనిస్తే, తెలుగు, తమిళం వాళ్లు ఇంకా వెనక్కి మడిచి, నాలుక అడుగు భాగాన్ని అంగిలికి ఆనిస్తున్నారని తేలింది. అంటే మనది హిందీ కంటే లోతైన మడత. అమెరికా వాళ్లకు దీనికి ఒక దగ్గరి దారి ఉంది. ‘హార్డ్’ అనేటప్పుడు వాళ్ల ర నాలుకను వెనక్కి లాగుతుంది, ఆ స్థితిలోనే డ అంటే మన డకు చాలా దగ్గరికి వస్తుంది. లండన్ వాళ్లు ఆ ర పలకరు కాబట్టి వాళ్లకు ఈ కిటుకు పనిచెయ్యదు.

ఇక వినడం. ఇది నిజంగా కష్టం. వర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించినదాని ప్రకారం, ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు హిందీ ట, త తేడా పట్టగలరు. ఏడాది నిండేసరికి ఎక్కువమందిలో ఆ శక్తి పోతుంది. అందుకే పెద్దవాళ్లకు ‘టా, తా, టా, తా’ అని వినిపిస్తూ పోతే గంట గడిచినా అదే శబ్దం వింటున్నట్టుంటుంది.

పైగా మనం వినిపించే చోటే తప్పు. అక్షరమాల వరసలో ట, త మాట మొదట్లోనే వస్తాయి. ట గుర్తు ఎక్కువగా ఉండేది దాని ముందున్న అచ్చు తోకలో. నాలుక మడత పడుతుండగా ఆ అచ్చు చివర్లో లీలగా ర రంగు పట్టుకుంటుంది. మాట మొదట ఆ తోకే ఉండదు. కాబట్టి పాట-పాత, కోట-కోత, పది-పడి లాంటి జంటలు వినిపించాలి, అదీ ‘హల్లు కాదు, దాని ముందున్న అచ్చు ఎలా ముగుస్తోందో విను’ అని చెప్పి.

అక్క కోడలితో ఇంకో చిక్కు వచ్చింది. అమెరికా వాళ్లు రెండు అచ్చుల మధ్య ట, డ ఏది వచ్చినా నాలుకతో ఒక్క తట్టు తట్టి వదిలేస్తారు. దాంతో ఆమె ‘పాట’ అంటే మా అమ్మకు ‘పార’ అని వినపడింది. అందుకని ఒంటి హల్లుల జంటలు పక్కన పెట్టి, ద్విత్వాలతో మొదలెట్టాం: అట్ట-అత్త, కట్టి-కత్తి, పొట్టు-పొత్తు. ద్విత్వంలో తట్టి పారిపోవడం కుదరదు, నాలుక ఆగి తీరాలి.

వినిపించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. మొదట్లో జంటలోని రెండు మాటల మధ్య అర సెకను మించి ఎడం ఉంచలేదు. ఎడం పెరిగేకొద్దీ పచ్చి శబ్దం చెదిరిపోయి, ‘రెండూ మన ట లే’ అని మాతృభాష తీర్పు చెప్పేస్తుంది. తేడా తెలియడం మొదలయ్యాక ఎడం పెంచాం. రెండోది, ఒక్క గొంతు కాకుండా అక్క, బావ, మా అమ్మ, నేను నలుగురం అవే మాటలు రికార్డు చేశాం. ఒక్క గొంతుకే అలవాటుపడితే ఆ గొంతు మాత్రమే వస్తుంది, ట కాదు. ప్రతి జవాబుకూ తప్పో ఒప్పో అప్పటికప్పుడే చెప్పాలి.

పలకడం మీద పరీక్ష మా అమ్మ చేసేది. కోడలు అట్ట, అత్త కలిపి వరస మార్చి ఇరవైసార్లు అంటుంది. మా అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని తనకు వినపడింది కాగితం మీద రాస్తుంది. వరస ముందే తెలిసినవాళ్లతో చేయించకూడదు, తెలిస్తే మన చెవి దయ చూపిస్తుంది. మొదటి రోజు మా అమ్మ ఇరవైకీ అట్ట అనే రాసింది. అద్దం, ‘ఎట్ ద’ కిటుకుతో పది రోజులు చేశాక ఇరవైలో నాలుగే తప్పాయి.

వినడం అంత తొందరగా రాలేదు. నెలలు పట్టింది. నన్నడిగితే రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చు గానీ, చెవి వచ్చేదాకా నోరు ఆపడం మాత్రం దండగ. ఆ అమ్మాయి ఇప్పుడు అత్తయ్య అని శుభ్రంగా పిలుస్తుంది. మా అక్క ఫోనులో ‘పది’ అన్నదో ‘పడి’ అన్నదో తెలియక, ఇప్పటికీ “ఎన్ని, అత్తయ్యా?” అని అడుగుతుంది.