పార్ట్‌నర్‌ని చేర్చుకునే ప్యాకేజీ కొంటున్నారా? నా 80 వేలు ఎలా పోయాయో చదవండి

ఆన్‌లైన్‌లో తెగ ప్రకటనలిచ్చే ఆ అకౌంటింగ్ ప్యాకేజీ వాళ్లు మీకూ తెలిసే ఉంటారు, పేరు రాయను. హార్డ్‌వేర్ షాపులో నేనూ మా బావా 3:2 వాటాలతో ఉన్నాం. మూడో మనిషిని 1/5 వాటాకి చేర్చుకున్నాం. ఆ 1/5 మొత్తం నా వాటాలోంచే ఇస్తానని, బావ వాటా కదలదని డీడ్‌లో స్పష్టంగా రాయించాం. అంటే నాది 3/5 నుంచి 2/5కి దిగింది, బావది 2/5 అలాగే ఉంది, కొత్త నిష్పత్తి 2:2:1.

ఇక గుడ్‌విల్. సగటు లాభం 5 లక్షలు, రెండేళ్ల లెక్కన 10 లక్షలు. కొత్తాయన తన వంతు 2 లక్షలు బ్యాంకులో వేశాడు. వాటా వదులుకున్నది నేనొక్కణ్ణే కాబట్టి ఆ 2 లక్షలూ నా మూలధన ఖాతాకి క్రెడిట్ అవ్వాలి. వీళ్లేమో 1,20,000 నాకు, 80,000 బావకి వేసి పుస్తకాలు పంపారు. వాటాలో పైసా వదలని మనిషికి గుడ్‌విల్ దేనికండీ!

ఫోన్ చేస్తే ఆ కుర్రాడి మాట ఇదీ: "సార్, గుడ్‌విల్ ఎప్పుడూ పాత నిష్పత్తిలోనే పంచుతాం. అకౌంట్స్ తెలియకపోతే మేమేం చేస్తాం?" బీకాం చదివి, ఫీజు కట్టి మరీ ఇలా అనిపించుకున్నాను, అదీ షాపులో అందరూ వింటుండగా స్పీకర్‌లో! డీడ్‌లో నాలుగో క్లాజు చదవమంటే, కాసేపు చప్పుడు లేదు, తర్వాత "సవరణ ఎంట్రీకి విడిగా ఛార్జ్ అవుతుంది" అన్నాడు. తప్పు వాళ్లది, బిల్లు నాకు. బాగుంది కదూ?

కొత్త పార్ట్‌నర్ వాటా ఎవరి దగ్గర్నుంచి వస్తోందో డీడ్‌లో రాయకపోతే పాత పార్ట్‌నర్లు తమ పాత నిష్పత్తిలోనే వదులుకున్నారని అనుకుంటారు, అప్పుడు 3:2 సరైనదే. వీళ్లు డీడ్ తెరవకుండా అందరికీ అదే అచ్చు గుద్దేస్తున్నారని నా అనుమానం.

దిద్దడానికి ఉన్నది ఒక్క ఎంట్రీ: బావ మూలధన ఖాతా డెబిట్ 80,000, నా మూలధన ఖాతా క్రెడిట్ 80,000. కానీ ఈలోపు బావ తన ఖాతాలో పెరిగిందని ఆ 80 వేలూ డ్రా చేసేశాడు. ఇప్పుడు అడిగితే "పుస్తకాల్లో ఉందిగా బావా" అంటున్నాడు. ఇంట్లో టెన్షన్ వేరే.

కొనేవాళ్లకి చెప్పేది ఇంతే: ప్రతి పార్ట్‌నర్‌కీ పాత వాటాలోంచి కొత్త వాటా తీసేసి చూడండి. మిగిలింది సున్నా అయితే ఆ పేరు మీద గుడ్‌విల్ క్రెడిట్ కనబడకూడదు. కనబడితే ఫైనల్ పేమెంట్ ఆపండి, నేను ముందే కట్టేశాను.