నారాయణపేట, గద్వాల చీరల దుకాణానికి ఈమెయిల్ వార్తాలేఖ: బ్రెవో ఉచిత ప్లాన్ చాలాకాలం వాడాక

ఊళ్లో గిరాకీకి ఈమెయిల్ అక్కర్లేదు. వాట్సాప్‌లో ఫొటో పెడితే సాయంత్రానికి దుకాణానికి వచ్చి చూసుకుంటారు. ఈమెయిల్ పనికొచ్చేది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉండి ఏడాదిలో రెండు మూడుసార్లు కొనేవాళ్లకు, అమెరికాలో ఉన్న మన పాలమూరు వాళ్లకు, చీరలు తెప్పించుకుని అమ్ముకునే చిన్న బొటీక్‌లకు. అలాంటి 460 మంది జాబితాను, ఒకేసారి చాలామందికి మెయిళ్లు పంపే బ్రెవో అనే సర్వీసు ఉచిత ప్లాన్ మీద నడుపుతున్నాం. ఈ సమీక్ష ఆ అవసరానికి సంబంధించినంత వరకే.

ఈ ప్లాన్‌లో రోజుకు 300 మెయిళ్లే పంపొచ్చు. మెయిల్ అడుగున బ్రెవో గుర్తు ఉంటుంది. ఒకే మెయిల్‌కు రెండు శీర్షికలు పెట్టి ఏది నెగ్గుతుందో చూసే సౌకర్యం ఉచితంగా రాదు. మన స్థాయి దుకాణానికి ఈ మూడింటిలో మొదటిదే అసలు ఇబ్బంది, దానికీ దారి ఉంది. మిగతా రెండూ అమ్మకాన్ని ఆపవు.

మొదట డొమైన్ కొనాలి. దుకాణం పేరుతో `.in` డొమైన్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. జీమెయిల్ చిరునామా ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. `gmail.com` పేరుతో వెళ్లే మెయిల్ నిజంగా అక్కడిదేనని రుజువు చేసే, కంటికి కనిపించని సంతకం గూగుల్ సర్వర్లే చేయగలవు. అదే చిరునామా పెట్టి వేరే సర్వీసు నుంచి పంపితే సంతకం, చిరునామా కలవవు. అప్పుడు మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదంటే ఆ సర్వీసు పంపినవారి చిరునామాను తనదిగా మార్చేస్తుంది. పోనీ నేరుగా జీమెయిల్ నుంచే బీసీసీలో పంపుదామంటే మామూలు ఖాతాకు రోజుకు 500 మంది పరిమితి. పైగా అందులో వద్దనుకున్నవాళ్లు తప్పుకునే లింకు ఉండదు.

డొమైన్ వచ్చాక బ్రెవో కొన్ని వరుసలు ఇస్తుంది. వాటిని డొమైన్ అమ్మిన కంపెనీ ప్యానెల్‌లో డీఎన్ఎస్ పేజీలో చేర్చాలి. ఒకటి డొమైన్ మీదేనని రుజువు చేస్తుంది, `_domainkey` అని ఉండేవి సంతకానికి, చివరిది డీమార్క్‌కు, అంటే చిరునామాతో కలవని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే నియమానికి. ఆ చివరిది దాదాపు ఇలా ఉంటుంది:

```
_dmarc  TXT  v=DMARC1; p=none; rua=mailto:you@example.in
```

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. కొన్ని ప్యానెళ్లు మనం రాసిన పేరు చివర డొమైన్‌ను వాటంతటవే కలుపుతాయి. మనం కూడా పూర్తి పేరు అతికిస్తే అది `_dmarc.example.in.example.in` అయిపోతుంది. వరుస చూడ్డానికి చక్కగానే కనిపిస్తుంది కానీ బ్రెవోలో మాత్రం ఎంతసేపటికీ పచ్చ గుర్తు రాదు. ఒక రోజు గడిచినా రాకపోతే ముందు ఇదే చూడండి. ఇంకో సంగతి, మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే, `v=spf1` తో మొదలయ్యే వరుస డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు.

పచ్చ గుర్తు వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపుకుని, కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, మూడు చుక్కల కింద `Show original` నొక్కండి. సంతకం సంగతి చెప్పే `DKIM` పక్కన `PASS` ఒక్కటి చూస్తే చాలదు. ఆ పక్కనే రాసిన డొమైన్ మీది కావాలి. `DMARC` పక్కన కూడా `PASS` రావాలి. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ లెక్కలు గట్టిగా చూస్తున్నాయి. డీమార్క్ తప్పనిసరి అన్నది రోజుకు 5,000 పైన పంపేవాళ్లకే అయినా, చిన్న దుకాణానికి కూడా ఒక పూట పనే కాబట్టి పెట్టేయడం మేలు.

ఇక 300 సంగతి. 460 మందిని సగం చేసి ఈ రోజు కొందరికి, రేపు కొందరికి పంపితే చీరల వ్యాపారంలో చిక్కొస్తుంది. మన దగ్గర ఒక్కో రంగుకు ఒక్క చీరే ఉంటుంది. రెండో రోజు మెయిల్ అందుకున్నవాళ్లు అడిగేసరికి మంచివి వెళ్లిపోయి ఉంటాయి. రెండుసార్లు అలా జరిగితే వాళ్లు తెరవడం మానేస్తారు. అందుకే జాబితాను సరుకును బట్టి విడదీశాం. నారాయణపేట నూలు చీరలు కోరేవాళ్లు 270 మంది, గద్వాల కోరేవాళ్లు 190 మంది. ఎవరి చీరల మెయిల్ వాళ్లకు ఒకే రోజు, ఒకే వేళకు వెళ్తుంది. పరిమితికి లోబడే ఉంటుంది. చేరేటప్పుడే "మీకు ఏవి కావాలి" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది. రెండూ కావాలన్నవాళ్లను, వాళ్లు మొదట చెప్పిన రకం జాబితాలో వేస్తాం.

గల్లా దగ్గర పుస్తకంలో రాయించుకున్న చిరునామాలను నేరుగా ఎక్కించొద్దు. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియదు, `gmail.con` లాంటివి దొర్లుతాయి. గిరాకీ ఎదురుగా ఉండగానే ఫోన్‌లో ఫారం నింపించి, వచ్చిన మెయిల్‌లో ఒప్పుకునే లింకు అప్పుడే నొక్కించడం మంచిది. లేని చిరునామాలకు పదేపదే పంపితే డొమైన్ పేరు చెడుతుంది, తర్వాత సరైన చిరునామాలకు పంపినవి కూడా స్పామ్‌లోకి పోతాయి.

శీర్షిక విషయంలో మా అభిప్రాయం గట్టిది: సరుకు పేరు ముందు, ఆ తర్వాత సంఖ్య, అంతే. ఫోన్‌లో శీర్షిక మొత్తం కనిపించదు. తెలుగు అక్షరాలు వెడల్పు ఎక్కువ కాబట్టి నాలుగైదు మాటలకే తెగిపోతుంది. ఆ నాలుగు మాటల్లో చీర పేరు లేకపోతే మిగతాదంతా వృథా.

"శ్రావణ మాస శుభాకాంక్షలు" అని పంపితే ఆ వారం వచ్చే పది శుభాకాంక్షల్లో అదొకటిగా పోతుంది. "బంపర్ ఆఫర్, త్వరపడండి" అన్నది ఏ దుకాణమైనా రాస్తుంది, చేనేతకు అసలు నప్పదు. మా దగ్గర జవాబులు తెచ్చేవి ఇలాంటివి:

"నారాయణపేట నూలు: ఒకే పడుగు 8 చీరలు"
"గద్వాల కుప్పడం అంచు: 6 చీరలు దిగాయి"
"దసరాకు గద్వాల: 20లోగా చెప్పండి"

మొదటిది వట్టి అలంకారం కాదు. నారాయణపేటలో ఒక పడుగు మీద ఎనిమిది చీరలు వరసగా నేయడం వాడుక. అవి ఒక్కసారే చేతికొస్తాయి, కాబట్టి ఒక పడుగుకు ఒక మెయిల్ సరిగ్గా కుదురుతుంది. మూడోదాంట్లో తేదీ నిజమైన గడువు కావాలి. గడువు దాటాక కూడా చీరలు పంపుతూ ఉంటే తర్వాతి తేదీని ఎవరూ నమ్మరు.

శీర్షిక కింద కనిపించే చిన్న వరుసను తప్పకుండా నింపాలి. ఖాళీగా వదిలితే మెయిల్‌లో మొదట ఏ మాటలుంటే అవే వస్తాయి, చాలాసార్లు అది బ్రౌజర్‌లో చూడమనే లింకు. ఎనిమిది చీరల మెయిల్‌కు మేం అక్కడ రాసేది: "ఆవపూవు పసుపు, మిరపపండు ఎరుపు, ఇంకా ఆరు. ధర 1,850 నుంచి". పంపినవారి పేరు చోట దుకాణం పేరు, పక్కన ఊరు పెట్టి, దాన్ని ఎప్పుడూ మార్చకూడదు. చాలామంది శీర్షిక కంటే ముందు చూసేది ఆ పేరునే.

లోపల ఎనిమిది ఫొటోలు, ఒక్కోదాని కింద అంకె, రంగు, అంచు, ధర. "కావాల్సిన అంకె రాసి దీనికే జవాబివ్వండి, ముందు రాసినవారికి ముందు" అని పైనే చెప్పాలి. ఒక్కో ఫొటో 600 పిక్సెళ్ల వెడల్పు, 200 కేబీ లోపు చాలు. ధరలు, రంగులు ఫొటో మీద రాయకుండా అక్షరాల్లోనే ఉంచండి, ఎందుకంటే కొందరి మెయిల్‌లో ఫొటోలు వెంటనే తెరుచుకోవు. మెయిల్ చివర `Narayanpet saree` అని ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకసారి రాస్తాం. మూడు నెలల తర్వాత మన మెయిల్ వెతికేవాళ్లు ఎక్కువగా అలాగే టైపు చేస్తారు.

వర్డ్ ఫైలులో రాసి తెచ్చి అతికించొద్దు. దానితోపాటు కనిపించని కోడ్ బోలెడు వస్తుంది. కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని దాచేస్తుంది. తప్పుకునే లింకు ఉండేది అడుగునే, అది కనిపించకపోతే వద్దనుకున్నవాళ్లు స్పామ్ నొక్కుతారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, 0.1 లోపే ఉంచుకోమని గూగుల్ చెబుతోంది. మన 190 మంది జాబితాలో ఒక్కరు నొక్కినా 0.5 శాతం దాటినట్టే. ఇంత చిన్న జాబితాకు, పంపేవాళ్లకు ఫిర్యాదుల శాతం చూపే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో లెక్కలు కూడా కనిపించవు. కాబట్టి తప్పుకునే లింకును పైన కూడా ఒకసారి పెట్టడమే మా పద్ధతి. ఒకరు తప్పుకుంటే పోయేది ఒక పేరే.

ఎప్పుడెప్పుడు పంపాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. మేం పాటించేది నెలకు రెండు: రెండో గురువారం నూలు, నాలుగో గురువారం గద్వాల. అంటే ఒక్కో మనిషికి నెలకు ఒకటే అందుతుంది. శ్రావణం ముందు, బతుకమ్మ-దసరా ముందు, మాఘం పెండ్లిళ్ల ముందు ఒక్కోటి అదనం. వేళ రాత్రి ఏడున్నర. హైదరాబాద్‌లో ఇంటికి చేరే సమయం, న్యూజెర్సీలో కాలాన్ని బట్టి ఉదయం తొమ్మిదో పదో అవుతుంది.

సరుకు లేని నెల కూడా ఆపకూడదు. నాలుగు నెలలు మౌనంగా ఉండి దసరా వారంలో మూడు పంపితే, చేరిన సంగతే మరిచిపోయినవాళ్లు వాటిని అక్కర్లేని మెయిళ్లనుకుంటారు. ఫిర్యాదులు వచ్చేది అప్పుడే. చీరలు లేకపోతే "మగ్గం మీద: నెమలికంఠం రంగు, వచ్చే నెల" అని ఒక ఫొటో, నాలుగు వరుసలు చాలు. ముందుగా పేరు రాయించుకునేవాళ్లు ఈ చిన్న మెయిళ్ల నుంచే ఎక్కువ వస్తున్నారు. కొత్తగా చేరినవాళ్లకు వెంటనే వెళ్లే స్వాగత మెయిల్‌లో నెలకు ఎన్ని వస్తాయో, ఏ రోజు వస్తాయో రాసేయండి.

ఎంతమంది తెరిచారన్న శాతాన్ని నమ్మి ఏదీ మార్చొద్దు. ఆపిల్ 2021 నుంచి తన మెయిల్ యాప్‌లో ఫొటోలను ముందే దించేస్తోంది, అందువల్ల చదవనివాళ్లు కూడా తెరిచినట్టు లెక్కలోకి వస్తారు. మేం చూసేది జవాబులు, లింకు నొక్కినవాళ్లు, ఈ రెండే. ఆరు నెలలుగా రెండూ లేనివాళ్లకు "ఇంకా పంపమంటారా?" అని ఒకటి పంపి, ఉలుకూ పలుకూ లేకపోతే తీసేస్తాం. ఏ ఒక్క జాబితా 300 దాటకుండా ఉండటానికి ఇదే తోడ్పడుతోంది. నూలు జాబితా దాటేరోజు వస్తే డబ్బు కట్టే ప్లాన్‌కు మారడమే సరి, మళ్లీ సగం సగం చేయడం వద్దు.

నెలకోసారి జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించి పెట్టుకోండి. తప్పుకున్నవాళ్ల జాబితా కూడా విడిగా దించాలి. లేదంటే రేపు వేరే సర్వీసుకు మారినప్పుడు పేర్లన్నీ ఒకే ఫైలులో ఎక్కించేస్తాం, తప్పుకున్నవాళ్లకు మళ్లీ మెయిళ్లు మొదలవుతాయి. కొత్తచోట మొదట ఆ రెండో ఫైలును నిషేధ జాబితాలో ఎక్కించి, ఆ తర్వాతే మొదటిది ఎక్కించాలి.