రూర్‌లో మూతబడిన గనులు, కొలుములు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

జర్మనీలో ఉండే మనవాళ్లు సెలవు దొరికితే ఆల్ప్స్‌కో, ఏదో ఒక రాజుగారి కోటకో వెళ్తారు. నేను ఈసారి రూర్ ప్రాంతంలో పాత బొగ్గు గనులు, ఇనుప కొలుములు చూసొచ్చాను. ఒక్కరోజే ఉంటే మాత్రం ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్‌కే వెళ్లండి. ఎందుకో చెప్పాలంటే ముందు డార్ట్‌మండ్ శివార్లలోని త్సోలర్న్ గని గురించి చెప్పాలి.

త్సోలర్న్ మెషిన్ హాల్ చాలా అందంగా ఉంటుంది. 1902-03లో కట్టారు. ఉక్కు చట్రం, దాని మధ్య ఇటుక గోడలు, రంగుటద్దాలు బిగించిన పెద్ద ద్వారం, లోపల పాలరాతి స్విచ్ బోర్డు. 1969లో కూల్చేయబోతుంటే కళాకారులు, ఫొటోగ్రాఫర్లు పట్టుబట్టి ఆపించారు. జర్మనీలో ప్రభుత్వ రక్షణ దొరికిన మొదటి పారిశ్రామిక కట్టడాల్లో ఇదొకటి. ఇక బయట గని నోటి మీద నిలబడ్డ రెండు హెడ్‌గేర్లు చూడండి, అంటే గనిలోకి దిగే బోనును పైకీ కిందికీ నడిపే చక్రాలున్న ఇనుప గోపురాలు. అవి ఈ గనివి కావు! అసలువి అప్పటికే తుక్కు కింద పోయాయి, తర్వాత వేరే గనుల నుంచి రెండు తెచ్చి నిలబెట్టారు. ఆ ద్వారం అందంగా ఉంది కాబట్టి హాల్ కోసం జనం కదిలారు, ఉత్త ఇనుప కమ్మీల కోసం ఎవరూ రాలేదు. గని మొత్తం నడిచింది మాత్రం ఆ కమ్మీల మీదే.

త్సోల్‌ఫెరైన్ 12వ షాఫ్టులో, అంటే గనిలోకి నిలువుగా దిగే బావి దగ్గర, ఇలా జరగలేదు. షుప్, క్రెమ్మర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు గీసిన ఈ గని 1932లో మొదలై, రోజుకు సుమారు 12,000 టన్నుల బొగ్గు తీసి, 1986లో ఆగింది. ఆగిన వెంటనే ఆ రాష్ట్ర ప్రభుత్వం కొని రక్షిత కట్టడంగా ప్రకటించింది, అందుకే తుక్కువాళ్ల చేతికి వెళ్లలేదు. 2001లో యునెస్కో జాబితాలో చేరింది. నగిషీలేమీ లేవు, అన్నీ పెట్టెల్లాంటి బిల్డింగులే. కానీ షాఫ్టులోంచి రాయితో కలిసి పైకొచ్చిన బొగ్గు, బెల్టు వంతెనల మీదుగా వాషరీకి ఎలా వెళ్లేదో మన కాళ్లతో నడిచి చూడొచ్చు. వాషరీలో నీళ్లను పైకీ కిందికీ కదుపుతుంటే బరువైన రాయి అడుగుకు దిగుతుంది, తేలికైన బొగ్గు పైన నిలుస్తుంది. వేరైన బొగ్గు కింద పట్టాల మీద ఆగి ఉన్న వ్యాగన్లలోకి పడేది. ఇందులో ఒక్క వంతెన తీసేసినా మిగతావి ఎందుకు అక్కడ ఉన్నాయో ఎవరికీ అర్థం కాదు. నా వాదన ఇదే. మామూలు షెడ్డును ఒంటరిగా చూస్తే విలువ లేనట్టే ఉంటుంది, దాని విలువ పక్క షెడ్డుతో కలిపి చూస్తేనే తెలుస్తుంది.

అయితే కాపాడ్డం అంత తేలికేమీ కాదు. ఇక్కడ బరువంతా ఉక్కు చట్రం మోస్తుంది, ఇటుక గోడ పలచటి తొడుగు మాత్రమే. బొగ్గు కడగడానికి అది చాలు, మ్యూజియానికి చాలదు, చలి ఆగదు. అందుకని వాషరీని మ్యూజియంగా మార్చినప్పుడు పాత తొడుగు విప్పి, అదే రూపంలో చలి ఆపే కొత్త గోడ కట్టారు. ఇది పాత కట్టడమేనా అని అడిగేవాళ్లున్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. నా మటుకు నాకు, లోపలి యంత్రాలు చాలావరకు వాటి చోటే ఉన్నాయి కాబట్టి ఈ రాజీ ఒప్పుకోదగ్గదే అనిపించింది.

వరంగల్ ఆజంజాహి మిల్లు గుర్తొచ్చి బాధేసింది. మిల్లు షెడ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. దూది ఏ వైపు లోపలికి వెళ్లి, బట్ట ఏ వైపు బయటికొచ్చేదో ఇక ఏ పిల్లలకీ నడిపించి చూపలేం.

ఇక సౌకర్యాలు. త్సోల్‌ఫెరైన్‌కు ఎస్సెన్ స్టేషన్ నుంచి 107 ట్రామ్ ఉంది, దాదాపు గేటు దగ్గరే దింపుతుంది. ఆవరణలో తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియానికి, గైడెడ్ టూర్‌కు ఉంది. టూర్ తప్పకుండా తీసుకోండి, అది లేకుండా లోపలి యంత్రాల దారి అర్థం కాదు. ఇంగ్లిష్ టూర్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. త్సోలర్న్‌కు సోమవారం సెలవు. నేను స్టేషన్ దగ్గరి ఒక హోటల్లో దిగాను, ఊళ్లో ఎగ్జిబిషన్ ఉందని రేటు బాగా పెంచేశారు, గది మాత్రం ఇరుకు. దానికన్నా డ్యూస్‌బర్గ్‌లోని లాండ్‌షాఫ్ట్స్‌పార్క్ మేలు. 1985లో ఆగిపోయిన ఇనుప కొలుమి అది, దాని పాత ఆఫీసు బిల్డింగే ఇప్పుడు యూత్ హాస్టల్. పార్కు రాత్రీపగలూ తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం, 5వ నంబర్ కొలుమి పైదాకా మెట్లెక్కొచ్చు. మెట్లు జాలీవి, కిందికి చూస్తే కళ్లు తిరిగేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వద్దు. శాకాహారులకు తిండి కష్టమే, పులిహోర కట్టుకెళ్లండి.