నిల్వ రోజుల రిపోర్టు: నాకైతే పనికొచ్చింది, ఆ సున్నాతోనే జాగ్రత్త

చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో ఎలక్ట్రికల్ ప్యానెల్ బాక్సులు చేసే చిన్న యూనిట్ మాది. స్టోర్స్ నేను చూస్తాను. మేం వాడే స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్, జీఎస్టీ వగైరా అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఏ ముడిసరుకు సగటున ఎన్ని రోజులు మన దగ్గర పడి ఉంటోందో చూపించే రిపోర్టు ఒకటుంది. అది లేకుండా ఇప్పుడు నాకు నెల గడవదు.

మొదట్లో గ్రూపుల వారీగానే చూసేవాళ్లం. బాక్సులకు రంగు పట్టించే కోటింగ్ పౌడర్ గ్రూపులో ఏడాది వాడకం 6,000 కిలోలు, సగటు నిల్వ 600. అంటే సరుకు ఏడాదికి పదిసార్లు తిరిగినట్టు, 365ని పదితో భాగిస్తే నిల్వ 36 రోజుల చిల్లర. ఎవరు చూసినా బాగుందనే అంటారు. ఐటెం వారీగా విడగొట్టే బటన్ నొక్కాక అసలు సంగతి బయటపడింది. ప్యానెళ్లకు ఎక్కువగా అడిగే లేత బూడిద రంగు, RAL 7035, 5,400 కిలోలు వాడితే సగటు నిల్వ 260. పద్దెనిమిది రోజులు కూడా ఉండట్లేదు. RAL 7032 వాడకం 480, నిల్వ 100, అంటే 76 రోజులు. ఇక ఒక కస్టమర్ కోసం తెప్పించిన నీలం రంగు ఏడాదికి 120 కిలోలే కదిలింది, నిల్వేమో 240. లెక్క కడితే 730 రోజులు!

రెండేళ్లకు సరిపడా సరుకు అన్నమాట. ఇనుప రేకు అయితే నూనె రాసి దాచుకోవచ్చు, పౌడర్ అలా కాదు. చల్లగా, పొడిగా ఉంచినా సాధారణంగా ఏడాదికి మించి హామీ ఇవ్వరు. మా పౌడర్ రేకుల కప్పు కింద, ఓవెన్‌కు నాలుగడుగుల దూరంలో ఉండేది. మే నెల అగ్ని నక్షత్రం ఎండల్లో అక్కడ మనిషే నిలబడలేడు. అట్టపెట్టె విప్పి చూస్తే పైన మామూలుగానే ఉంది, చెయ్యి లోపలికి పెడితే ఉండలు తగిలాయి. జల్లించి స్ప్రే గన్‌లో పోస్తే ఆగి ఆగి వచ్చింది, బాక్సు మీద సన్నని గింజలు లేచాయి. కొంత పారేశాం, మిగిలింది బాక్సుల లోపలి ప్లేట్లకు కొట్టాం. అయినా ఆ రంగు మళ్లీ ఆర్డరు పెట్టబోయే ముందే తెలిసింది కదా, అందుకే ఈ రిపోర్టంటే నాకంత ఇష్టం.

ఆ ఇష్టానికి కొంచెం కోత పడింది పోయిన వేసవిలో. కొత్తగా చేరిన పర్చేజ్ కుర్రాడు స్టెయిన్‌లెస్ షీట్లకు ఇండెంట్ పట్టుకొచ్చాడు.

"అన్నా, 1.2 ఎంఎం ఎస్ఎస్ జీరో డేస్ చూపిస్తోంది, అయిపోయినట్టుంది."

"అయిపోవడమేంట్రా, గోడకు ఆనించి కనబడట్లా?"

ఏ ఆర్డరు కోసం తెప్పించామో అది రద్దయ్యాక ఆ షీట్లను ఎవరూ ముట్టుకోలేదు. ఏడాది వాడకం సున్నా కాబట్టి టర్నోవర్, అంటే సరుకు ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క, కూడా సున్నా. 365ని సున్నాతో భాగించలేక సాఫ్ట్‌వేర్ ఆ గడిలో 0 పెట్టేసింది. ఎక్కువ రోజులున్నవి పైకి వచ్చేలా వరస పెడితే, అసలు కదలని సరుకంతా అడుగుకు పోతుంది, అదీ అన్నిటికంటే వేగంగా కదిలేదానిలా. నెమ్మదిగా కదిలేవి పట్టుకోవడానికి పెట్టిన రిపోర్టు చచ్చిన స్టాకును దాచిపెడితే ఏమనాలి? సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకు చెబితే "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు, ఇంకా నోట్ చేసుకుంటూనే ఉన్నారు. అప్పటినుంచి ఎక్సెల్‌లోకి దించుకుని, B2 గడిలో సగటు నిల్వ, C2 గడిలో వాడకం పెట్టి ఇది వేస్తున్నా:

```
=IF(C2=0,"కదల్లేదు",B2/C2*365)
```

పక్కన చివరి ఇష్యూ తేదీ కాలమ్ కూడా పెట్టుకుంటాను. స్టోర్ నుంచి ఆఖరిసారి ఎప్పుడు బయటికెళ్లిందో ఆ తేదీ ఒక్కటే అబద్ధం ఆడదు.

సగటు నిల్వ సంగతి కూడా చూసుకోండి. ఈ రిపోర్టులో మామూలుగా ఏప్రిల్ 1 నిల్వ, మార్చి 31 నిల్వ కలిపి సగం చేస్తారు. మార్చి లెక్కింపు ముందు మేం రేకు కొనడం ఆపేస్తాం. అలా సీఆర్ రేకు సగటు 6 టన్నులని తేలింది, 120 టన్నుల వాడకానికి 18 రోజులు. నెలాఖరు నిల్వలన్నీ తీసుకుని సగటు కడితే 15 టన్నులు, 45 రోజుల పైనే. సెట్టింగుల్లో నెలవారీ సగటు ఎంచుకునే వీలుంది, కాకపోతే లోపలెక్కడో దాగి ఉంది.

మాకు మూడొందల లోపు ఐటెంలు, ఒకే షిఫ్టు, ఇష్యూ స్లిప్పులు ఏ రోజువి ఆ రోజే ఎక్కిస్తాం, కాబట్టి ఈ రిపోర్టుకు డబ్బు కట్టడం నాకు గిట్టుబాటే. స్లిప్పులు వారానికోసారి ఎక్కించే చోట, లేదా సగం సరుకు జాబ్ వర్క్‌కు బయట తిరిగే చోట ఈ రోజుల లెక్క ఎంతవరకు నిలుస్తుందో నేను చెప్పలేను. అలాంటివాళ్లు ముందు ఒక్క గ్రూపు మీద వేసి, అడుగున ఉన్న సున్నాలు చూసుకుని, తర్వాతే డబ్బు కట్టండి.