బడ్జెట్ రోజు "ఎటు వెళ్ళినా లాభమే" అంటూ స్ట్రాడిల్ అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

ఫిబ్రవరి దగ్గర పడితే చాలు, టెలిగ్రామ్‌లో ఒకటే మోత. "బడ్జెట్ ముందు రోజు ఏటీఎం కాల్, పుట్ రెండూ కొనండి, మార్కెట్ ఎటు వెళ్ళినా మనకే డబ్బు" అని. నిఫ్టీ పెరిగితే లాభమిచ్చేది కాల్, పడితే లాభమిచ్చేది పుట్; ఏటీఎం అంటే నిఫ్టీ ఇప్పుడున్న ధర దగ్గరి స్ట్రైక్; ఆ స్ట్రైక్‌లో రెండూ కలిపి కొనడమే స్ట్రాడిల్. 2025 జనవరిలో నేనూ అలాంటి ఒక గ్రూపులో 2,999 రూపాయలు కట్టి చేరాను. గ్రూపు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, వచ్చే ఏడాదికి ఇంకో పేరుతో ఉంటారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో మాత్రం నా కాంట్రాక్ట్ నోట్ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

శుక్రవారం, జనవరి 31. మధ్యాహ్నం మూడుంపావుకి నిఫ్టీ 23,500 చుట్టూ ఉంది. మరుసటి రోజు శనివారమైనా బడ్జెట్ కాబట్టి మార్కెట్ తెరుస్తారు. ఫిబ్రవరి 6 గురువారం గడువు ముగిసే ఎక్స్‌పైరీలో 23500 CE, అంటే కాల్, 250కి, 23500 PE, అంటే పుట్, 230కి కొన్నాను. మొత్తం 480 పాయింట్లు. అప్పట్లో లాట్ 75 కాబట్టి 36,000 రూపాయలు.

గ్రూపులో చెప్పిన బ్రేక్‌ఈవెన్ లెక్క ఇది. స్ట్రైక్ 23,500కి కట్టిన ప్రీమియం 480 కలిపితే 23,980, తీసేస్తే 23,020. ఈ రెండింటి బయట ఎక్కడ ముగిసినా లాభం. ఏ పక్కకైనా 2 శాతం కదిలితే చాలు, "బడ్జెట్‌కి 2 శాతం ఒక లెక్కా?" అన్నారు. కింద 2021 ఫిబ్రవరి 1 నాటి స్క్రీన్‌షాట్ పెట్టారు. ఆ రోజు నిఫ్టీ 646 పాయింట్లు, 4.7 శాతం పెరిగింది. అది నిజమే. అది చూసే నేను పడిపోయాను.

శనివారం పదకొండింటికి ప్రసంగం మొదలైంది. మా ఇంట్లో టీవీ ఒక పక్క, ఫోన్ ఒక పక్క. చివర్లో 12 లక్షల ఆదాయం వరకు పన్ను ఉండదన్న మాట వచ్చినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి కేక వేసింది. నేను మాత్రం ఫోన్‌లో అర్థంకాని వింత ఒకటి చూస్తున్నాను. నిఫ్టీ ఎగిరితే కాల్ కాస్త పెరుగుతోంది, పుట్ మాత్రం అంతకంటే ఎక్కువ పడుతోంది. నిఫ్టీ వెనక్కి వస్తే కాల్ పడుతోంది, పుట్ మాత్రం పడినంతా తిరిగి లేవడం లేదు. అటు వంద పాయింట్లు, ఇటు వంద పాయింట్లు ఊగినా రెండింటి మొత్తం మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంది. 460, 410, 350.

నిఫ్టీ 23,482 దగ్గర ముగిసింది. ముందు రోజు ముగింపు 23,508. అంటే అంత హడావుడి చేసి చివరికి కదిలింది 26 పాయింట్లు. నేను మూడింటి తర్వాత కాల్‌ని 148కి, పుట్‌ని 160కి అమ్మేశాను. మొత్తం 308. ఒక్క రోజులో 172 పాయింట్లు, అంటే 12,900 రూపాయలు పోయాయి. బ్రోకరేజీ, పన్నులు దీని మీద అదనం.

రోజు గడిచినందుకు ప్రీమియం కొంత కరుగుతుందని నాకూ తెలుసు. కానీ 172లో దాని వాటా చిన్నది. మిగతాదంతా ఇంప్లైడ్ వోలటిలిటీ, అందరూ ఐవీ అనేది, అంటే నిఫ్టీ ఎంత ఊగుతుందని ఆప్షన్ ధరలో కట్టిన అంచనా, పడిపోవడం వల్ల పోయింది. బడ్జెట్‌లో ఏముంటుందో తెలియనంతసేపు ఆప్షన్ అమ్మేవాడు భయానికి కూడా ధర కట్టి అమ్ముతాడు. ప్రసంగం అయిపోగానే తెలియనిదంటూ ఏమీ మిగలదు. ఆ అదనపు ధర అదే గంటలో ఆవిరైపోతుంది. నేను కొన్న ధరని కాలిక్యులేటర్‌లో పెట్టి చూస్తే ఐవీ దాదాపు 20 ఉంది. అమ్మిన ధరకి 14.

ఇక్కడ నేను చేసిన తప్పు ఇంకొకటి ఉంది. శుక్రవారం ఇండియా విక్స్ 16 దాటి ఉంది. "పదహారేగా, చవకే" అనుకున్నాను. విక్స్ అంటే నిఫ్టీ ఆప్షన్ల ఐవీకి దాదాపు నెల రోజులకి లెక్కగట్టే సగటు. అందులో బడ్జెట్ రోజు ఒక్కటి, మామూలు రోజులు చాలా. ఆరు రోజుల్లో అయిపోయే వీక్లీలో ఆ ఒక్క రోజు బరువే సగం ఉంటుంది. అందుకే విక్స్ 16 చూపిస్తున్నా వీక్లీ ఆప్షన్‌కి 20 ఐవీ కట్టాం. చూడాల్సింది మీరు కొంటున్న స్ట్రైక్ పక్కన ఆప్షన్ చెయిన్‌లో ఉండే ఐవీని. విక్స్ చూసి ధర అంచనా వేయకండి.

అసలు సంగతికి వస్తాను. గ్రూపు వాళ్ళు చెప్పిన 2 శాతం బ్రేక్‌ఈవెన్ ఎక్స్‌పైరీ నాటిది. అది తప్పు కాదు, కానీ బడ్జెట్ సాయంత్రమే బయటపడాలనుకునేవాడికి అది పనికిరాదు. మనకి కావలసిన ప్రశ్న వేరు: ఐవీ మామూలు స్థాయికి పడిపోయాక, ఆ రోజే నా 480 నాకు తిరిగి రావాలంటే నిఫ్టీ ఎంత కదలాలి?

ఇది ఐదు నిమిషాల పని. ఏదైనా ఆప్షన్ కాలిక్యులేటర్ తెరవండి. మిగిలిన రోజులు ఒకటి తగ్గించండి, అంటే నా విషయంలో 5. ఐవీ దగ్గర ఈవెంట్ హడావుడి మొదలవకముందు ఉన్న మామూలు అంకె వేయండి, ఇక్కడ 14. ఇప్పుడు స్పాట్ ధరని, అంటే నిఫ్టీ అంకెని, అటూ ఇటూ జరుపుతూ కాల్, పుట్ మొత్తం 480 ఎక్కడ అవుతుందో చూడండి. నాకు వచ్చింది దాదాపు 430 పాయింట్లు. అంటే 1.8 శాతం, అదీ ఒక్క రోజులోనే.

ఆ పక్కనే 2025కి ముందు బడ్జెట్ రోజుల ముగింపులు రాసుకోండి. 2020లో 2.5 శాతం పడింది. 2021లో 4.7 పెరిగింది. 2022లో 1.4 పెరిగింది. 2023లో పావు శాతం పడింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌కి 0.13, అదే ఏడాది జులై 23 పూర్తి బడ్జెట్‌కి 0.12 శాతం, రెండుసార్లూ పడింది. ఆరింట్లో 1.8 దాటినవి రెండే. సగటు తీస్తే ఒకటిన్నర వస్తుంది, కానీ ఆ సగటుని మోస్తున్నది 2021 ఒక్కటే. దాన్ని పక్కన పెడితే సగటు 0.9 కూడా రాదు. ఆ స్క్రీన్‌షాట్ 2021దే ఎందుకయిందో ఇప్పుడు అర్థమైందా?

జులై 23 గురించి చిన్న మాట. ఆ రోజు మూలధన లాభాల పన్ను, లావాదేవీల మీద పడే ఎస్‌టీటీ పెంచారనగానే నిఫ్టీ ఒక దశలో 400 పాయింట్లకి పైగా పడింది. తర్వాత దాదాపు అంతా వెనక్కి తెచ్చుకుంది. ఆ కాసేపట్లో పుట్ అమ్ముకున్నవాడు బతికాడు. "ఇంకా పడుతుంది" అని కూర్చున్నవాడి చేతిలో సాయంత్రానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ముగింపు అంకెలు మాత్రమే చూసి పూర్తి కథ చెప్పలేం. కానీ ఆ పది నిమిషాలు పట్టుకోగలనన్న నమ్మకం మీకుందా? నాకు లేదు.

అలాగని స్ట్రాడిల్ ఎప్పుడూ దండగ అనడం లేదు. ధరని బట్టి ఉంటుంది. ఇదే స్ట్రాడిల్, ఇవే ఆరు రోజులు, ఐవీ 14 దగ్గరే ఉండగా 340కి దొరికి ఉంటే? ఆ రోజే డబ్బు వెనక్కి రావడానికి 190 పాయింట్ల లోపే చాలు, అంటే 0.8 శాతం. ధర 140 తగ్గితే కావలసిన కదలిక 240 తగ్గింది. ఈ తేడాని ఒకటికి రెండుసార్లు చూడండి. చవగ్గా ఉన్నప్పుడు ఈవెంట్ మీకు దాదాపు ఉచితంగా వస్తుంది. 20 ఐవీ దగ్గర కొంటే ఆ ఈవెంట్‌కి ముందే పూర్తి ధర కట్టేసినట్టు. చిక్కేమిటంటే ముందు రోజు మధ్యాహ్నం 14కి ఎవడూ అమ్మడు. పది రోజుల ముందు కొంటే ఐవీ తక్కువే ఉంటుంది, కానీ రోజూ కరుగుతుంది. ఐవీ పెరిగిన లాభం ఆ కరుగుడుకి సరిపోతే సంతోషించాలి.

ధర ఎంత పెట్టినా గిట్టిన రోజూ ఉంది. 2024 జూన్ 4, లోక్‌సభ ఫలితాలు. నిఫ్టీ ముందు రోజు 23,264 దగ్గర ముగిసి, ఆ రోజు 21,884కి వచ్చింది. దాదాపు 1,380 పాయింట్లు, 5.9 శాతం. ఎగ్జిట్ పోల్స్ ఒకటి చెప్పి ఫలితం ఇంకోలా వస్తే అలా ఉంటుంది. ఈ తేదీని ఇంకో కారణానికి కూడా చెబుతున్నాను. నా పోస్టు చదివి "అయితే మనమే స్ట్రాడిల్ అమ్ముదాం" అనుకునేవాళ్ళుంటారు. ఆ రోజు అమ్మినవాళ్ళ నష్టానికి అడుగు లేదు. నాకు పోయింది 12,900 దగ్గర ఆగింది, కొన్నాను కాబట్టి.

ఇక స్ట్రాంగిల్, అంటే కాల్, పుట్ రెండూ నిఫ్టీకి దూరపు స్ట్రైక్‌లలో కొనడం. మా ఆఫీసులో ఒక తమ్ముడున్నాడు, అదే గ్రూపులో నాతో పాటు చేరాడు. "అన్నా, 36 వేలు ఎందుకు, సగం డబ్బుకే పని అయిపోతుంది" అని 23800 CE, 23200 PE కొన్నాడు. ఒక్కోటి 120, మొత్తం 240, అంటే 18,000. చూడ్డానికి చవక. కానీ అతని ఎక్స్‌పైరీ బ్రేక్‌ఈవెన్లు 24,040, 22,960. నాకంటే 60 పాయింట్లు దూరం. పైగా అతని రెండు ఆప్షన్లలోనూ అసలు విలువ సున్నా, ఉన్నదంతా ఐవీ, రోజులే. శనివారం సాయంత్రానికి నా స్ట్రాడిల్ 36 శాతం పడితే అతని స్ట్రాంగిల్ 60 శాతం పడి 96కి వచ్చింది. డబ్బులో చూస్తే నాకంటే కొంచెం తక్కువే పోయింది, 10,800. "పెట్టింది సగమే కదా" అన్నవాడు ఆ తర్వాత మాట్లాడలేదు.

అమ్మేయమన్నాను. "ఇంకా నాలుగు రోజులుంది కదన్నా" అన్నాడు. సోమవారం నిఫ్టీ 121 పాయింట్లు పడింది. మంగళవారం 378 పాయింట్లు ఎగిరి 23,739 దగ్గర ముగిసింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి "చూశావా" అన్నాడు. ఒక్క రోజులో ఒకటిన్నర శాతం పైనే పెరిగింది కదా, నేను తొందరపడ్డానేమో అని కాలిక్యులేటర్ తీశాను. ఐవీ 14 దగ్గరే ఉంటే, నేను అమ్మేసిన స్ట్రాడిల్ విలువ ఆ సాయంత్రానికి 280. నేను అమ్మింది 308కి. అతని 23800 కాల్ ఇంకా స్ట్రైక్‌కి 61 పాయింట్ల దూరంలోనే ఉంది. "రేపు దాటేస్తుంది" అన్నాడు.

గురువారం ఎక్స్‌పైరీకి నిఫ్టీ 23,603 దగ్గర ముగిసింది. అతని రెండు స్ట్రైక్‌ల మధ్యలో. 18,000లో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. గ్రూపులో ఆ రాత్రి ఆర్‌బీఐ పాలసీకి స్ట్రాడిల్ అంటూ కొత్త మెసేజ్ వచ్చింది, కింద అదే 2021 స్క్రీన్‌షాట్.